పేడ లెక్క తెలిస్తే గ్యాసూ మిగులుతుంది, ఎరువూ మిగులుతుంది

గోబర్ గ్యాస్ ప్లాంటు మంజూరైన కుటుంబాలకు, కట్టుకుని వాడుతున్న కుటుంబాలకు సమాచార పాఠం



ఈ మధ్య ఒక ఊళ్లో గోబర్ గ్యాస్ ప్లాంట్లు ఎలా నడుస్తున్నాయో చూడ్డానికి వెళ్లాం. ఒక ఇంటి దగ్గర ఆగగానే ఆ ఇంటి ఇల్లాలు, "సార్, మా ప్లాంటు పాడైపోయిందండీ. పొద్దున అన్నం, కూర అవుతున్నాయి. సాయంత్రం టీ కూడా కాగట్లేదు. మళ్లీ కట్టెల పొయ్యి మీదే వండుకుంటున్నాం" అని చెప్పారు. మాతో వచ్చిన టెక్నీషియన్ గుమ్మటం చూశారు, పైపులు చూశారు, స్టవ్ చూశారు. ఎక్కడా లోపం లేదు. చివరికి ఆయన ఒక తూకం కాటా తెప్పించి, మర్నాడు పొద్దున కొట్టంలో ఎత్తిన పేడను తూచమన్నారు. 26 కిలోలు వచ్చింది. ఆ ప్లాంటుకు రోజూ కావాల్సింది 50 కిలోలు.

అంటే ప్లాంటు పాడవలేదు, దానికి మేత చాలట్లేదు. ఆ ఇంటి కథనే ఉదాహరణగా పెట్టుకుని, పేడ నుంచి గ్యాస్ ఎలా వస్తుందో, తక్కువైతే ఎలా కనిపెట్టాలో, మిగిలిన స్లర్రీని పొలానికి ఎలా చేర్చాలో ఈ పాఠంలో చూద్దాం.

1. ముందు పేడ తూచండి, తర్వాతే సైజు

లెక్క చాలా సులువు. ఒక కిలో తాజా పేడ నుంచి సుమారు 40 లీటర్ల గ్యాస్ వస్తుంది. 25 కిలోల పేడకు 1000 లీటర్లు, అంటే ఒక ఘనపు మీటరు. అందుకే 1 ఘనపు మీటరు ప్లాంటుకు రోజుకు 25 కిలోలు, 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు 50 కిలోలు కావాలని చెబుతారు.

వంటకు ఒక మనిషికి రోజుకు సుమారు 250 నుంచి 300 లీటర్ల గ్యాస్ పడుతుంది. ఐదుగురున్న ఇంటికి 1250 నుంచి 1500 లీటర్లు చాలు. మామూలు గోబర్ గ్యాస్ స్టవ్‌లో పెద్ద బర్నర్ గంటకు సుమారు 450 లీటర్లు కాలుస్తుంది. 2 ఘనపు మీటర్ల ప్లాంటు నిండుగా పనిచేస్తే ఒక బర్నర్ నాలుగు గంటలకు పైగా వెలుగుతుంది.

మరి పైన చెప్పిన ఇంట్లో తేడా ఎక్కడొచ్చింది? వాళ్లకు రెండు గేదెలు, ఒక ఆవు, ఒక దూడ ఉన్నాయి. గేదె రోజుకు 15 కిలోలు, ఆవు 10 కిలోలు, దూడ 5 కిలోలు వేస్తాయనుకుంటే మొత్తం 45 కిలోలు. కాగితం మీద ఈ లెక్క చూసి 2 ఘనపు మీటర్ల ప్లాంటు కట్టారు. కానీ ఆ పశువులు పొద్దున మేతకు వెళ్లి సాయంత్రం ఇంటికొస్తాయి. పగటి పేడంతా చేలల్లో, దారిలో పడిపోతుంది. ఇంటి దగ్గర దొరికేది రాత్రి వేసిందే.

కాబట్టి ప్లాంటుకు అర్జీ పెట్టుకునేవాళ్లు పశువుల్ని లెక్కపెట్టి ఊరుకోకండి. వారం రోజులు కొట్టంలో ఎత్తిన పేడను తూచి కాగితం మీద రాసుకోండి. ఏడు రోజుల మొత్తాన్ని ఏడుతో భాగిస్తే మీ అసలు లెక్క తేలుతుంది. 25 కిలోల దగ్గర ఉంటే 1 ఘనపు మీటరు ప్లాంటే మీకు సరైనది. పెద్ద ప్లాంటు కట్టినంత మాత్రాన గ్యాస్ పెరగదు, ఖర్చే పెరుగుతుంది. రాయితీ సైజును బట్టి మారుతుంది కాబట్టి పెద్దది తీసుకుందామనిపించవచ్చు. మీ చేతి నుంచి పడే డబ్బు కూడా పెరుగుతుందని మర్చిపోవద్దు.

2. లోపల ఏం జరుగుతుంది?

మన దగ్గర ఎక్కువగా కడుతున్నది దీనబంధు నమూనా. భూమిలో గుండ్రంగా ఇటుక, సిమెంటుతో కట్టి, పైన గుమ్మటంలా మూసేస్తారు. ఒక పక్క పేడ కలిపే తొట్టి, ఇంకో పక్క స్లర్రీ బయటికొచ్చే తొట్టి ఉంటాయి.

లోపల గాలి ఉండదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు పేడను మెల్లగా అరిగిస్తాయి. అప్పుడు వచ్చేదే ఈ గ్యాస్. దాంట్లో సగానికి పైగా మీథేన్, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్. మండేది మీథేనే.

పుట్టిన గ్యాస్ గుమ్మటం కింద చేరి, కింద ఉన్న స్లర్రీని నొక్కుతుంది. ఆ ఒత్తిడికి బయటి తొట్టిలో మట్టం పెరుగుతుంది. మీరు స్టవ్ వెలిగించి గ్యాస్ వాడుకుంటే మట్టం మళ్లీ దిగుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు, లోపల ఎంత గ్యాస్ ఉందో బయటి తొట్టి చూసి చెప్పేయొచ్చు.

సూక్ష్మజీవులకు వెచ్చదనం కావాలి. సుమారు 35 డిగ్రీల దగ్గర అవి చురుగ్గా పనిచేస్తాయి. చలికాలంలో మందగిస్తాయి కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో గ్యాస్ కొంత తగ్గడం సహజం. అందుకే ప్లాంటును చెట్టు నీడన కట్టకూడదు. ఎండ పడాలి, వంటింటికి దగ్గరగా ఉండాలి, తాగునీటి బావికి, బోరుకు కనీసం 10 నుంచి 15 మీటర్ల దూరంలో ఉండాలి.

3. మొదటిసారి నింపేటప్పుడు

2 ఘనపు మీటర్ల ప్లాంటును మొదట నింపడానికి ఒకటిన్నర నుంచి రెండు టన్నుల పేడ, దానికి సమానంగా నీళ్లు పడతాయి. అంత పేడ ఒక్క రోజులో దొరకదు. కట్టడం జరుగుతున్నప్పటి నుంచే పోగు చేసి, ఎండిపోకుండా తడి గోనెలు కప్పి ఉంచండి. ఎండి గట్టిపడిన పేడ, పెంటకుప్పలోని పాత పేడ పనికిరావు. ఊళ్లో ఇప్పటికే నడుస్తున్న ప్లాంటు ఉంటే అక్కడి స్లర్రీ కొన్ని బిందెలు తెచ్చి కలపండి. పెరుగుకు తోడు వేసినట్టే, దాంతో గ్యాస్ త్వరగా మొదలవుతుంది.

నింపిన తర్వాత సాధారణంగా రెండు మూడు వారాలు ఆగాలి. మొదట వచ్చే గ్యాస్ మండదు. దాంట్లో లోపల ఉన్న గాలి, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉంటాయి. గాలి కలిసిన గ్యాస్‌కు నిప్పు తగిలితే ప్రమాదం కూడా. కాబట్టి మొదటి ఒకటి రెండుసార్లు దగ్గర్లో మంట లేకుండా చూసుకుని, వాల్వు తెరిచి గ్యాస్ వదిలేయండి. ఆ తర్వాతే స్టవ్ దగ్గర వెలిగించి చూడండి. గుమ్మటం మీద ఉన్న పైపు దగ్గర అగ్గిపుల్ల గీసి పరీక్షించే పని ఎప్పుడూ చేయొద్దు.

4. రోజూ పొద్దున చేసే పని

తాజా పేడ ఎంతుంటే నీళ్లు అంతే. ఒక తట్ట పేడకు అదే కొలత నీళ్లు. కలిపాక దోసెల పిండి జారినట్టు జారాలి. ఉండలు చిదిపి, గడ్డి పరకలు, రాళ్లు, మట్టి ఏరేయాలి. మట్టి, ఇసుక లోపలికి పోతే అడుగున పేరుకుని ఏళ్లు గడిచేకొద్దీ జాగాను తగ్గిస్తాయి. గడ్డి పైకి తేలి తెట్టులా కట్టేస్తుంది.

మనం చూసిన ఇంట్లో ఇంకో పొరపాటు కూడా జరుగుతోంది. పేడ తక్కువైందని తెలిసి, తొట్టి నిండటానికి నీళ్లు ఎక్కువ పోస్తున్నారు. 26 కిలోల పేడకు ఐదారు బకెట్ల నీళ్లు! ఇలా చేస్తే రెండు నష్టాలు. పేడ పలచబడి బరువైనది అడుక్కి, తేలికైనది పైకి విడిపోతుంది. పైగా మన ప్రాంతపు వేడికి పేడ లోపల ఒక నెల నుంచి నలభై రోజులు ఉంటేగాని పూర్తిగా అరగదు. రోజూ ఎక్కువ నీళ్లు పోస్తే లోపలున్నది అరగకముందే బయటికి నెట్టుకొచ్చేస్తుంది. అంటే గ్యాస్ కావాల్సిన సరుకు తొట్టిలోకి పోతోందన్నమాట.

సబ్బు నీళ్లు, సర్ఫు నీళ్లు, కొట్టం కడిగిన ఫినాయిలు నీళ్లు తొట్టిలో పడకూడదు. అవి లోపలి సూక్ష్మజీవుల్ని చంపేస్తాయి. పశువుకు జబ్బు చేసి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వేయిస్తే ఆ కొద్ది రోజులూ దాని పేడను ప్లాంటుకు వేయకుండా పక్కన పెట్టడం మంచిది.

5. గ్యాస్ తగ్గితే ఎలా కనిపెట్టాలి?

పొద్దున స్టవ్ వెలిగించక ముందు బయటి తొట్టి చూడండి.

తొట్టిలో మట్టం బాగా పైకి ఉండి, స్టవ్ మాత్రం సరిగ్గా మండకపోతే గ్యాస్ ఉన్నట్టే. లోపం పైపులోనో స్టవ్‌లోనో ఉంది. మంట ఎగిరెగిరి పడుతూ, పసుపు రంగులో వస్తుంటే పైపులో నీళ్లు చేరాయని అనుమానించండి. ఈ గ్యాస్‌లో తేమ ఉంటుంది, అది చల్లబడి పైపులో నీరవుతుంది. పైపు పల్లంలో ఉన్న వాటర్ ట్రాప్ తెరిచి నీళ్లు వంపేయండి. బర్నర్ రంధ్రాలు మూసుకుపోయాయేమో కూడా చూడండి. సరైన మంట నీలం రంగులో ఉంటుంది. మామూలు సిలిండర్ స్టవ్‌ను దీనికి తగిలిస్తే సరిగ్గా మండదు. ఈ గ్యాస్‌కు పెద్ద రంధ్రం ఉన్న వేరే స్టవ్ కావాలి.

పొద్దునే మట్టం కింద ఉంటే రెండు కారణాల్లో ఒకటి. పేడ చాలట్లేదు, లేదా గ్యాస్ ఎక్కడో కారిపోతోంది. ఏదో తెలుసుకోవడానికి ఇలా చేయండి. ఒక రాత్రి గుమ్మటం దగ్గరున్న మెయిన్ వాల్వు పూర్తిగా కట్టేసి, బయటి తొట్టి గోడకు సుద్దతో మట్టం గీత గీయండి. పొద్దునకు మట్టం గీత కంటే పెరిగితే గుమ్మటం బాగానే ఉంది. ఇంకో రాత్రి వాల్వు తెరిచి, స్టవ్ కట్టేసి అలాగే చూడండి. అప్పుడు పెరగకపోతే పైపులో లీకు ఉంది. వాల్వు కట్టేసినా మట్టం దిగిపోతుంటే గుమ్మటంలోనో వాల్వు దగ్గరో పగులు ఉండవచ్చు. అది మేస్త్రీ చూడాల్సిన పని.

పైపు లీకును సబ్బు నురగ రాసి కనిపెట్టాలి. బుడగ వచ్చిన చోట లీకు ఉంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే కిటికీలు, తలుపులు తెరిచి, మెయిన్ వాల్వు కట్టేయండి. ఆ సమయంలో అగ్గిపుల్ల గీయొద్దు, లైటు స్విచ్ వేయొద్దు.

ఒక్క హెచ్చరిక. ఖాళీ చేసిన ప్లాంటయినా సరే, దాంట్లోకి ఎవరూ దిగకూడదు. లోపల పీల్చడానికి గాలి ఉండదు, ఉన్న గ్యాస్ క్షణాల్లో స్పృహ తప్పిస్తుంది. ఒకరు పడితే కాపాడబోయిన రెండోవారూ పడిపోతారు. శుభ్రం చేయించాల్సి వస్తే అనుభవం, తగిన పరికరాలు ఉన్నవాళ్లతోనే చేయించండి.

6. వంద కిలోలు వేస్తే ఎంత బయటికొస్తుంది?

"పేడంతా గ్యాస్‌కు పోతే మరి చేనుకు ఎరువెలా?" అని చాలామంది రైతులు అడుగుతారు. సరైన ప్రశ్నే. సమాధానం మాత్రం చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది.

50 కిలోల పేడ, 50 లీటర్ల నీళ్లు కలిపి 100 కిలోలు లోపల వేశామనుకోండి. దాని నుంచి వచ్చే 2 ఘనపు మీటర్ల గ్యాస్ బరువు రెండు మూడు కిలోలు మాత్రమే. మిగిలిన 97 కిలోలూ స్లర్రీగా బయటికొస్తాయి. గ్యాస్‌గా పోయేదాంట్లో ముఖ్యంగా ఉండేది కార్బన్. పంటకు కావాల్సిన నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపుగా స్లర్రీలోనే ఉండిపోతాయి. పైగా నత్రజనిలో కొంత భాగం మొక్క తొందరగా తీసుకోగలిగే రూపంలోకి మారుతుంది. అదే పేడను పిడకలు చేసి కాలిస్తే నత్రజని పొగతో పోతుంది, చేతిలో బూడిదే మిగులుతుంది.

అంకెల్లో చూద్దాం. 100 కిలోల తాజా పేడలో సుమారు 300 గ్రాముల నత్రజని ఉంటుంది. మేతను బట్టి ఇది కొంత అటూ ఇటూ అవుతుంది. రోజుకు 50 కిలోలంటే 150 గ్రాములు, ఏడాదికి 50 కిలోలకు పైనే. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని సుమారు 21 కిలోలు. అంటే మీ ప్లాంటు ఏడాదికి రెండున్నర బస్తాల యూరియాలో ఉన్నంత నత్రజనిని బయటికి పంపుతోంది. ఇదంతా మొదటి పంటకే అందదు, కొంత నేలలో నిలిచి తర్వాతి పంటలకు అందుతుంది. అందుకని ఒక్కసారిగా యూరియా మానేయకండి. భూసార పరీక్ష చేయించి, వ్యవసాయ అధికారి సలహాతో మెల్లగా తగ్గించుకోండి.

7. స్లర్రీని చేనుకు చేర్చే దారులు

బయటికొచ్చిన నత్రజనిని పొలం దాకా కాపాడుకోవడం మన చేతుల్లో ఉంది. స్లర్రీని ఆరుబయట ఎండలో ఆరబోస్తే నత్రజని అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. చాలా ఇళ్లలో జరిగే నష్టం ఇదే.

ఇంటి వెనకే పెరడు గానీ, చేను గానీ ఉంటే స్లర్రీని తడిగానే వాడండి. పారే నీటి కాలవలో కొద్దికొద్దిగా కలిపితే మడులన్నిటికీ చేరుతుంది. వరి వేసేవాళ్లు ఆఖరి దమ్ములో కలిపి దున్నుకోవచ్చు. కూరగాయ మొక్కలకు పోసేటప్పుడు అంతకు అంత నీళ్లు కలిపి, మొదలుకు కొంచెం దూరంగా పోయండి. లేత మొక్కల మీద చిక్కటి స్లర్రీ పోస్తే మాడిపోతాయి. పచ్చిగా తినే ఆకుకూరల మీద, కోతకొచ్చిన కూరగాయల మీద చల్లొద్దు.

చేను దూరంగా ఉంటే రోజూ వంద లీటర్ల స్లర్రీ మోయడం అయ్యే పని కాదు. అలాంటివాళ్లు రెండు గుంతలు తీసుకోండి. ఒక్కోటి 2 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, ఒక మీటరు లోతు ఉంటే చాలు. అడుగున, పక్కల బంకమట్టి మెత్తి, పైన తాటాకు పందిరి వేయండి. పశువులు తినగా మిగిలిన చొప్ప, ఎండుటాకులు, చెరకు ఆకు ఒక జానెడు పరిచి, దాని మీదికి స్లర్రీ పారనివ్వండి. పొర తడిశాక మళ్లీ చెత్త, మళ్లీ స్లర్రీ. చెత్త స్లర్రీని పీల్చుకుంటుంది, స్లర్రీ చెత్తను కుళ్లబెడుతుంది. మొదటి గుంత నిండాక మట్టి కప్పి వదిలేసి, రెండో గుంత మొదలుపెట్టండి. కొన్ని నెలలకు మొదటి గుంతలో నల్లగా, పొడిపొడిగా ఎరువు తయారవుతుంది. దాన్ని బండి మీద తోలుకోవచ్చు. పిల్లలు, దూడలు పడిపోకుండా గుంతల చుట్టూ కంచె కట్టడం మర్చిపోవద్దు.

స్లర్రీ బాగా అరిగిందో లేదో ముక్కే చెబుతుంది. అరిగినదానికి పచ్చి పేడ వాసన ఉండదు, ఈగలు పెద్దగా ముసరవు. పేడ కంపు కొడుతూ, పైన బుడగలు వస్తుంటే లోపల పూర్తిగా అరగకుండానే బయటికొస్తోందని అర్థం. నీళ్లు ఎక్కువ పోస్తున్నారేమో ఒకసారి చూసుకోండి.

8. ఆ ఇంట్లో చివరికి ఏం చేశారు?

పేడ చాలట్లేదని తేలాక ఆ ఇల్లాలు, "మరి మిగతా పేడ ఎక్కణ్నుంచి తేవాలండీ?" అని అడిగారు. పక్కింట్లో వాళ్ల తోడికోడలికి రెండు ఎడ్లున్నాయి, ప్లాంటు లేదు. ఆవిడను అడిగితే, "పేడ మీకిచ్చేస్తే మా చేనుకేం వేసుకోవాలి?" అన్నారు. టెక్నీషియన్ ఆవిడకు పైన చెప్పిన వంద కిలోల లెక్కే చెప్పారు. "మీ పేడలోని సత్తువ ఎక్కడికీ పోదమ్మా. గ్యాస్ వీళ్లు వాడుకుంటారు, ఎరువు మీకు తిరిగొస్తుంది" అన్నారు.

ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. తోడికోడలు రోజూ రెండు తట్టలు, అంటే సుమారు 20 కిలోల పేడ ఇస్తారు. బదులుగా రెండు గుంతల్లో ఒకటి ఆవిడది. ఇప్పుడు తొట్టిలో 46 కిలోల పేడ, అంతే నీళ్లు పడుతున్నాయి. గ్యాస్ ఒక్కసారిగా పెరగలేదు. కొత్త పేడ అరగడానికి మూడు నాలుగు వారాలు పట్టింది. ఆ తర్వాత మేం ఫోన్ చేస్తే, "రాత్రి వంట కూడా దీని మీదే అవుతోందండీ. చలికాలంలో ఎలా ఉంటుందో చూడాలి" అన్నారు.

46 కిలోలకు సుమారు 1800 లీటర్ల గ్యాస్. ఐదుగురికి కావాల్సింది 1500 లోపే. చలికాలంలో కొంత తగ్గినా వంటకు పెద్దగా లోటు రాకూడదు.

మీరు ఈ వారం చేయాల్సింది

ప్లాంటు ఉన్నవాళ్లు రేపు పొద్దున ఎత్తిన పేడను తూచండి, పోసే నీళ్లను కొలవండి, స్టవ్ వెలిగించక ముందు బయటి తొట్టి మట్టం చూడండి. ఈ మూడూ ఒక వారం పాటు రాసి పెట్టుకుంటే టెక్నీషియన్ వచ్చినప్పుడు సమస్య ఎక్కడుందో తేల్చడం సులువవుతుంది. ప్లాంటు కట్టించినవాళ్లు ఇచ్చిన వారంటీ కాగితం జాగ్రత్తగా దాచుకోండి. మరమ్మతు అవసరమైతే ముందు అదే అడుగుతారు.

కొత్తగా అర్జీ పెట్టుకునేవాళ్లు వారం రోజుల పేడ లెక్క రాసిన కాగితంతో మీ మండల వ్యవసాయ అధికారిని కలవండి. ఏ సైజుకు, ఏ వర్గానికి ప్రస్తుతం ఎంత రాయితీ ఉందో అక్కడ అడిగి తెలుసుకోండి. ఆ తర్వాతే గుంత తవ్వించండి.